కొట్టు డబ్బుతో కట్టిన ఇంటి బిల్లు: ఖర్చా, డ్రాయింగ్సా?

ప్రశ్న: తెనాలిలో మాకు చీరల కొట్టు ఉంది. ప్రొప్రైటర్‌ని నేనే. ఇంటి కరెంటు బిల్లు, పాప ఇంజనీరింగ్ ఫీజు, ఎల్‌ఐసీ, కారు ఈఎంఐ అన్నీ కొట్టు కరెంట్ అకౌంట్ నుంచే కడతాను. ఇన్నాళ్లూ ఇవి ఖర్చుల్లోనే రాసేవాళ్లు. ఈసారి కొత్తగా వచ్చిన అకౌంటెంట్ వాటన్నిటినీ తీసేసి ‘డ్రాయింగ్స్’ అని రాశారు. ఆరు లక్షలు ఉండే లాభం పదకొండు లక్షలైంది. డబ్బు పోయిన మాట నిజం, బిల్లులూ ఉన్నాయి. అయినా ఖర్చు కాదంటే ఎలా? లేని లాభానికి పన్ను కట్టాలా? 2025-26 లెక్కల కాగితం జతచేస్తున్నాను. – ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం:

అయ్యా, నమస్కారం.

మీ అకౌంటెంట్ రాసింది సరైనదే. అయితే మీ ప్రశ్నలో కూడా న్యాయం ఉంది. డబ్బు కొట్టులోంచి పోయిందనడంలో సందేహం లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అది కనిపిస్తూనే ఉంది. మీకు చిక్కు వచ్చిందల్లా ఒక్క చోట. కొట్టులోంచి బయటికి పోయిన ప్రతి రూపాయీ కొట్టుకు ఖర్చే అని మీరు అనుకుంటున్నారు. కానీ కొట్టు డబ్బు చాలా దారుల్లో బయటికి పోతుంది. సూరత్ నుంచి సరుకు తెప్పిస్తే పోతుంది, బ్యాంకు అప్పు అసలు తీరిస్తే పోతుంది, కొత్త ఏసీ కొంటే పోతుంది. వీటిలో ఏదీ ఆ రోజుకు ఖర్చు కాదు. సరుకు అమ్ముడయ్యాకే ఖర్చు, అసలు తీర్చడం ఎప్పటికీ ఖర్చు కాదు, ఏసీ ఏటా తరుగుదల కింద కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది. అలాగే డబ్బు బయటికి పోయే ఇంకో దారి, యజమాని తన సొమ్ము తాను వెనక్కి తీసుకోవడం. దాన్నే డ్రాయింగ్స్ అంటాం. తెలుగు మీడియం కామర్స్ పుస్తకాల్లో ‘సొంతవాడకాలు’ అని ఉంటుంది.

లెక్కల పుస్తకం కొట్టు తరఫున రాసేది, మీ తరఫున కాదు. చట్టం దృష్టిలో ప్రొప్రైటర్‌షిప్‌లో మీరూ కొట్టూ ఒకటే. పాన్ కార్డు ఒకటే, కొట్టు అప్పుకు మీ ఇల్లు కూడా బాధ్యతే. అయినా లెక్క రాసేటప్పుడు మాత్రం కొట్టును వేరే మనిషిగా చూస్తాం. మీరు పెట్టిన పెట్టుబడిని కొట్టు మీకు ఇవ్వాల్సిన బాకీగా రాసుకుంటుంది. అందుకే మూలధనం ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు ఉంటుంది. లాభం వస్తే ఆ బాకీ పెరుగుతుంది. మీ అమ్మాయి ఫీజు కొట్టు కట్టిందంటే, కొట్టు మీకు ఇవ్వాల్సిన దాంట్లోంచి అంత మేర మీకు ఇచ్చేసినట్టు. అందువల్ల తగ్గేది మూలధనం. లాభం తగ్గదు.

ఏది కొట్టు ఖర్చో, ఏది కాదో తేల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది. రేపు ఈ కొట్టును యథాతథంగా ఇంకొకరికి అమ్మేశారనుకోండి. కొన్నవాళ్లు కొట్టు నడపాలంటే ఈ బిల్లు కట్టాల్సి వస్తుందా? అద్దె కట్టాలి. సేల్స్ కుర్రాళ్లకు జీతాలు ఇవ్వాలి. కొట్టు కరెంటు బిల్లు, అగ్నిప్రమాద బీమా, క్యారీ బ్యాగులు, వచ్చినవాళ్లకు ఇచ్చే కూల్‌డ్రింకులు, కుర్రాళ్లకు దసరాకు పెట్టే బట్టలు, ఇవన్నీ వాళ్లకూ తప్పవు. మీ అమ్మాయి కాలేజీ ఫీజు వాళ్లు కట్టరు. మీ ఎల్‌ఐసీ కట్టరు. మీ ఆదాయపు పన్ను కూడా కట్టరు, కాబట్టి మీరు కట్టే ఆదాయపు పన్నూ డ్రాయింగ్సే. చాలామంది దాన్ని ‘ట్యాక్సులు’ అనే పద్దులో, మున్సిపాలిటీకి కట్టిన పన్నుతో పాటు రాసేస్తుంటారు. అది తప్పు.

ఇక మీ అంకెలు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వాటిని కొంచెం రౌండ్ చేసి వాడుతున్నాను.

ఏడాది అమ్మకాలు 84,00,000. ఏడాది మొదట్లో ఉన్న సరుకు, కొన్న సరుకు కలిపి, చివర్లో మిగిలిన సరుకు తీసేస్తే, అమ్మిన చీరల కొనుగోలు ధర 63,00,000. అంటే స్థూల లాభం 21,00,000. కొట్టు నిజమైన ఖర్చులు ఇవి: అద్దె 3,00,000, ముగ్గురు కుర్రాళ్ల జీతాలు 4,32,000, కొట్టు కరెంటు 96,000, బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు మీద వడ్డీ 90,000, రవాణా, ప్యాకింగ్, ఇతరాలు 1,22,000. మొత్తం 10,40,000. మిగిలేది 10,60,000.

ఇన్నాళ్లూ దీంట్లోంచి ఇంకో 4,40,000 తీసేసేవాళ్లు. ఇంటి కరెంటు 36,000, అమ్మాయి ఫీజు 1,40,000, ఎల్‌ఐసీ 60,000, కారు ఈఎంఐలు 1,80,000, ఇంట్లోవాళ్ల ఆసుపత్రి బిల్లు 24,000. అలా లాభం 6,20,000కు దిగేది. కొత్త అకౌంటెంట్ ఈ 4,40,000ను డ్రాయింగ్స్‌లోకి మార్చారు. దాంతో పాటు ఇంకొకటి కూడా చేశారు. మీ చెల్లెలి గృహప్రవేశానికి కొట్టులోంచి తీసుకెళ్లిన 16 చీరలను, కొన్న ధర 40,000కు, కొనుగోళ్లలోంచి తగ్గించి డ్రాయింగ్స్‌లో రాశారు. 10,60,000కు ఈ 40,000 కలిస్తే 11,00,000. మీకు కనిపించిన పదకొండు లక్షలు ఇవే. వీటిలో గాల్లోంచి పుట్టిన రూపాయి ఒక్కటీ లేదు.

ఇప్పుడు మూలధనం ఖాతా చూడండి. మీ సందేహం సగం తీరేది అక్కడే. ఏడాది మొదట్లో మూలధనం 18,00,000. పాత పద్ధతిలో రాస్తే, దానికి లాభం 6,20,000 కలిపి, గల్లాపెట్టెలోంచి నెలకు 20,000 చొప్పున ఇంటికి తీసుకెళ్లిన 2,40,000 తీసేస్తే, చివరికి 21,80,000. సరైన పద్ధతిలో రాస్తే, 18,00,000కు లాభం 11,00,000 కలిపి, డ్రాయింగ్స్ మొత్తం 7,22,000 తీసేస్తే, 21,78,000. రెండింటికీ తేడా 2,000 మాత్రమే. అది చీరల మీద వెనక్కి కట్టాల్సిన జీఎస్‌టీ, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. మీరు అడిగిన ‘డబ్బు పోయింది కదా’ అనే మాటకు జవాబు ఈ రెండు అంకెల్లో ఉంది. ఎలా రాసినా పోయిన డబ్బు పోయినట్టే కనిపిస్తోంది, మీకు మిగిలిన సొమ్ము దాదాపు అంతే ఉంది. తేడా అంతా, కొట్టు ఎంత సంపాదించింది, అందులో ఇంటికి ఎంత తీసుకెళ్లాం అన్న రెండు విషయాలు విడివిడిగా కనబడుతున్నాయా లేదా అన్నదే. పాత పద్ధతిలో ఆ రెండూ కలిసిపోయి రెండూ తప్పుగా కనిపించాయి.

పన్ను గురించి మీ టెన్షన్ అర్థమైంది, కానీ మీ విషయంలో ఈ ఏడాది దానికి ఆస్కారమే లేదు. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు, 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం. 11,00,000 మీద లెక్కిస్తే 20,000, 30,000 కలిపి 50,000. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటనివాళ్లకు 60,000 వరకు రిబేటు ఉంది కాబట్టి ఆ 50,000 పూర్తిగా పోతుంది. కట్టాల్సింది సున్నా. 6,20,000 చూపించినా సున్నాయే. అంటే ఇంటి బిల్లులను కొట్టు ఖర్చుగా రాయడం వల్ల ఈ ఏడాది మీకు ఒక్క రూపాయి కూడా మిగిలేది కాదు. ఒక్క జాగ్రత్త. ఆ 12 లక్షల్లో ఎఫ్‌డీ వడ్డీ, ఇంటి అద్దె లాంటివి కూడా కలుస్తాయి. మీకు అలాంటివి ఉంటే మీ అకౌంటెంట్‌కు ముందే చెప్పండి.

పాత విధానం ఎంచుకుంటే ఎల్‌ఐసీ ప్రీమియం, పిల్లల ట్యూషన్ ఫీజు సెక్షన్ 80సి కింద 1,50,000 వరకు తగ్గించుకోవచ్చు. అదైనా కొట్టు ఖర్చుగా కాదు, మీ వ్యక్తిగత మినహాయింపుగానే. మీ లెక్కకు అది గిట్టుబాటు కాదు. 1,50,000 తగ్గించినా మిగిలిన 9,50,000 మీద సెస్సుతో కలిపి 1,06,600 పడుతుంది. కొత్త విధానంలోనే ఉండండి.

మీ కొట్టు పెరిగి నిజమైన లాభం 15 లక్షలు అయిన ఏడాది మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు పన్ను సెస్సుతో కలిపి 1,09,200. అందులోంచి 4,80,000 ఇలా దాచేస్తే ఆదాయం 10,20,000కు దిగి పన్ను సున్నా అవుతుంది. ఆశ పుట్టేది అక్కడే కాబట్టి దాని గురించి స్పష్టంగా చెబుతాను. ఆదాయపు పన్ను చట్టం 1961లో సెక్షన్ 37(1) ప్రకారం, పూర్తిగా, కేవలం వ్యాపారం కోసం పెట్టిన ఖర్చునే తగ్గించుకోవచ్చు. పన్ను కట్టే మనిషి వ్యక్తిగత ఖర్చులు కుదరవని అదే సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఈ సూత్రం మారలేదు. పట్టుబడితే ఆ పన్ను, దాని మీద వడ్డీ కట్టాలి. ఆదాయం తక్కువ చూపినందుకు పన్నులో 50 శాతం జరిమానా. పుస్తకాల్లో తప్పుడు పద్దు రాయడం, ఆధారం లేని ఖర్చు చూపడం లాంటివైతే 200 శాతం. అమ్మాయి ఫీజును ‘ఆఫీసు ఖర్చులు’ అని రాయడం తప్పుడు పద్దే. 1,09,200కు రెట్టింపు అంటే 2,18,400 జరిమానా, అసలు పన్ను కాక.

ఇది బయటపడదని మాత్రం అనుకోవద్దు. ఫీజు కాలేజీ పేరు మీద, ప్రీమియం ఎల్‌ఐసీ పేరు మీద, ఈఎంఐ లోన్ అకౌంట్ నంబరుతో మీ కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్‌లో పేరుపేరునా ఉన్నాయి. అధికారి అడిగే ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. పాత పద్ధతిలో మీ డ్రాయింగ్స్ ఏడాదికి 2,40,000 మాత్రమే, అంటే నెలకు 20,000. కారు ఉండి, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఉన్న ఇల్లు నెలకు 20,000తో ఎలా గడుస్తోందని అడుగుతారు. జవాబు లేకపోతే లెక్క చూపని డబ్బుతో ఇల్లు గడుపుతున్నారని, ఆ మేరకు ఆదాయానికి కలుపుతారు. డ్రాయింగ్స్ తక్కువ చూపిస్తే మంచిదన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. అది నిజం కాదు. మీ ఇంటి తీరుకు 7,22,000 డ్రాయింగ్స్ సహజంగా ఉన్నాయి, ఎవరు అడిగినా నిలబడతాయి.

ఇప్పుడు ఆ 16 చీరలు. మీరు ఉత్తరంలో వీటి గురించి అడగలేదు. కానీ బట్టల కొట్ల లెక్కల్లో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. డబ్బు చేతులు మారలేదు కాబట్టి రాయాలని ఎవరికీ తట్టదు. రాయకపోతే ఏమవుతుందంటే, మార్చి 31న సరుకు లెక్కపెట్టినప్పుడు 16 చీరలు తక్కువొస్తాయి. అవి అమ్మకాల్లో లేవు, స్టాకులో లేవు. స్థూల లాభం 25.5 శాతం ఉండాల్సింది 25 శాతానికి తగ్గుతుంది. అర శాతమే అనిపిస్తుంది. కానీ లెక్కలు జాగ్రత్తగా చూసే యజమాని దాన్ని గమనిస్తాడు, ముందుగా అనుమానించేది సేల్స్ కుర్రాళ్లనే. ఇంటికి తీసుకెళ్లిన చీర గల్లా దగ్గర ఒక చీటీ మీద రాయకపోవడం వల్ల ఏ తప్పూ చేయని కుర్రాడి మీద అనుమానం పడటం నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అందుకే దీన్ని ఇంత సాగదీస్తున్నాను.

చీరలను ఏ ధరకు రాయాలి? కొన్న ధరకు. అమ్మే ధర 3,400 అయినా, కొన్నది 2,500 అయితే డ్రాయింగ్స్‌లో 2,500. మనిషి తనతో తాను వ్యాపారం చేసుకుని లాభం సంపాదించలేడు కదా. 1953లో సుప్రీంకోర్టు సర్ కికాభాయ్ ప్రేమ్‌చంద్ కేసులో ఈ మాటే తేల్చింది. ఆయన వెండి, షేర్ల వ్యాపారి. వ్యాపారంలోని కొంత వెండిని, షేర్లను ట్రస్టులకు మార్చి, పుస్తకాల్లో కొన్న ధరకే రాసుకున్నారు. ఆ రోజు మార్కెట్ ధరకు రాయాలని, ఆ తేడా లాభమని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు.

జీఎస్‌టీ సంగతి ఇది. ఆ చీరలు కొన్నప్పుడు 5 శాతం చొప్పున కట్టిన 2,000 జీఎస్‌టీని, మీరు కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకున్నారు, అంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకున్నారు. సొంత వాడకానికి పోయిన సరుకు మీద క్రెడిట్ కుదరదని సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 17(5) చెబుతోంది. కాబట్టి ఆ 2,000ను జీఎస్‌టీఆర్-3బి రిటర్న్‌లో 4(B)(1) గడిలో వెనక్కి తిప్పాలి. అది కూడా మీ సొంత ఖర్చే. అందుకే చీరల డ్రాయింగ్స్ 40,000 కాదు, 42,000. గల్లా 2,40,000, ఇంటి బిల్లులు 4,40,000, చీరలు 42,000 కలిపితే ఆ 7,22,000 వచ్చింది.

ట్యాలీలో రాయడం కష్టం కాదు. డ్రాయింగ్స్ అనే లెడ్జర్‌ను `Capital Account` గ్రూపు కింద తెరవాలి, `Indirect Expenses` కింద కాదు. గ్రూపు తప్పు పెడితే పేరు డ్రాయింగ్స్ అని ఉన్నా ఆ మొత్తం లాభనష్టాల ఖాతాలోకే వెళ్లిపోతుంది. బ్యాంకు నుంచి కట్టిన ఫీజైతే F5 పేమెంట్ వోచర్: డ్రాయింగ్స్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. చీరలు మన రాష్ట్రంలో కొన్నవైతే F7 జర్నల్: డ్రాయింగ్స్ 42,000 డెబిట్, కొనుగోళ్లు 40,000 క్రెడిట్, ఇన్‌పుట్ సీజీఎస్‌టీ 1,000, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్‌టీ 1,000 క్రెడిట్. లెడ్జర్లు మూడో నాలుగో పెట్టుకుంటే ఇంకా నయం: ఇల్లు, చదువు, బీమా, సరుకు. ఏడాది చివర్లో మీ ఇంటికి ఎంత అవుతోందో మీకే తెలుస్తుంది.

కారు గురించి ఒక మాట. మొత్తం ఈఎంఐని డ్రాయింగ్స్‌లో వేశారని మీరు బాధపడి ఉంటారు. ఈఎంఐలో అసలు భాగం ఎవరికీ ఎప్పుడూ ఖర్చు కాదు, కారు పూర్తిగా కొట్టుదే అయినా సరే. వడ్డీ, పెట్రోలు, కారు తరుగుదల మాత్రం, కొట్టు పనికి ఎంత వాడితే అంత మేరకు ఖర్చుగా చూపవచ్చు. మంగళగిరికో చీరాలకో సరుకు కోసం కారులోనే వెళ్తుంటే, తేదీ, వెళ్లిన ఊరు, కిలోమీటర్లు, ఆ రోజు కొన్న బిల్లు నంబరు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. ఏడాదిలో కారు తిరిగిన దాంట్లో పావు వంతు కొట్టు పనికైతే, పావు వంతు ఖర్చు అడగవచ్చు. పుస్తకం లేకుండా ‘సగం వేయండి’ అంటే ఏ అకౌంటెంటూ దాన్ని సమర్థించలేడు. కింద కొట్టు, పైన ఇల్లు ఉండి మీటరు ఒకటే అయినచోట కరెంటుకూ ఇదే పద్ధతి. ఇంటికి సబ్ మీటరు పెట్టిస్తే ఏడాది పొడవునా వాదన ఉండదు.

‘నేనూ రోజంతా కొట్లో కూర్చుంటున్నాను, నాకు నెలకు 40,000 జీతం వేసుకుంటే?’ అని ఇలాంటి ఉత్తరాల్లో తరచూ అడుగుతుంటారు. ప్రొప్రైటర్ తనకు తాను జీతం ఇచ్చుకోవడం కుదరదు. పద్దు పేరు జీతమని పెట్టినా అది డ్రాయింగ్సే. భాగస్వామ్య సంస్థలో పనిచేసే భాగస్వాములకు ఒక పరిమితి వరకు పారితోషికం ఖర్చుగా కుదురుతుంది, కంపెనీ అయితే డైరెక్టరుకు జీతం ఇవ్వొచ్చు. వాటి నియమాలు వేరు. ఈ ఉత్తరంలో చెప్పినవి ప్రొప్రైటర్ కొట్టుకే వర్తిస్తాయి.

పన్ను కన్నా నాకు ముఖ్యమనిపించేది బ్యాంకు. మీ క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచమని రేపు అడిగితే, మేనేజరు చూసేది మూడేళ్ల లాభం. ఏడాదికి 6,20,000 సంపాదించే కొట్టుకూ, 11,00,000 సంపాదించే కొట్టుకూ ఇచ్చే అప్పు ఒకటి కాదు. మీరు నిజంగా పదకొండు లక్షలు సంపాదిస్తూ, కాగితం మీద ఆరు లక్షల కొట్టును చూపిస్తున్నారు. ఇంటి ఖర్చులు అందులో కలిసిపోయాయని అప్పుడు చెప్పుకున్నా మేనేజరు లెక్కల కాగితాన్నే నమ్ముతారు. పండగ సీజన్‌కు ముందు సరుకు ఎక్కువ తెచ్చుకోవాల్సిన వ్యాపారంలో ఈ నష్టం పెద్దది.

డ్రాయింగ్స్‌ను విడిగా చూడటానికి ఇంకో కారణం ఉంది. మీకు ఈ ఏడాది లాభం 11,00,000, వాడకం 7,22,000. మూలధనం 3,78,000 పెరిగింది, బాగుంది. అమ్మకాలు తగ్గి లాభం 6,00,000కు పడిపోయిన ఏడాది కూడా వాడకం అంతే ఉంటే, 1,22,000 మూలధనం కరిగిపోతుంది. అది ఒక్కసారిగా తెలియదు. సూరత్ పార్టీకి 45 రోజుల్లో కట్టేది 75 రోజులకు జరుగుతుంది. క్యాష్ క్రెడిట్ ఎప్పుడు చూసినా పరిమితి అంచునే ఉంటుంది. వ్యాపారం బాగానే ఉందనిపిస్తుంది, చేతిలో డబ్బు మాత్రం ఆడదు. మూలధనం ఖాతా మైనస్‌లోకి వెళ్లిందంటే ఇంటి ఖర్చు బ్యాంకు అప్పుతో నడుస్తున్నట్టు. అప్పుడు ఆ మేరకు బ్యాంకు వడ్డీ కూడా వ్యాపారం కోసం చేసిన అప్పు మీది వడ్డీ కాదని అధికారి తోసిపుచ్చవచ్చు.

ఇక చేయాల్సింది ఇది. మీ పేరు మీద ఒక సేవింగ్స్ ఖాతాను ఇంటి కోసం కేటాయించండి. ప్రతి నెలా ఒకటో తారీఖున కరెంట్ అకౌంట్ నుంచి దానికి ఒకే మొత్తం పంపండి. మీ అంకెల ప్రకారం గల్లా డబ్బు, ఇంటి బిల్లులు కలిపి నెలకు దాదాపు 57,000. అది ఒక్కటే డ్రాయింగ్స్ పద్దు అవుతుంది, ఏడాదికి 12 ఎంట్రీలు. ఫీజు, ఎల్‌ఐసీ, ఈఎంఐ, ఆసుపత్రి అన్నీ ఆ ఖాతా నుంచే పోవాలి. ఎల్‌ఐసీకీ కారు లోనుకూ ఇచ్చిన ఆటో డెబిట్ మ్యాండేట్లను కరెంట్ అకౌంట్ నుంచి మార్పించండి, లేకపోతే ఎంత అనుకున్నా అవి అక్కడి నుంచే కట్ అవుతాయి. మీ ఫోన్‌లోని యూపీఐ యాప్‌లో డిఫాల్ట్ ఖాతాగా కొట్టు ఖాతా ఉంటే, కూరగాయల దగ్గర్నుంచి పెట్రోలు దాకా ప్రతి స్కానూ కొట్టు లెక్కలోకే వస్తుంది. డిఫాల్ట్‌గా సేవింగ్స్ ఖాతా పెట్టుకోండి. గల్లాలోంచి నగదు తీసుకోవడం ఆపేయండి. తప్పదనుకున్న రోజు మొత్తం రాసిన చీటీ ఒకటి గల్లాలో వేసి తీసుకోండి. ఇంట్లోవాళ్లు చీర తీసుకెళ్లినా అదే చీటీ, మీ సంతకంతో.

గత ఏళ్ల రిటర్నుల విషయం మిగిలింది. 2024-25లో పన్ను లేని పరిమితి కొత్త విధానంలో 7 లక్షలే ఉండేది కాబట్టి, ఆ ఏడాది సరైన లాభం లెక్కిస్తే పన్ను పడే అవకాశం ఉంది. తేడాను మీరే ముందుకొచ్చి చూపించడానికి ఐటీఆర్-యు అనే అప్‌డేటెడ్ రిటర్న్ వేయవచ్చు. దానికి అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం, ముగిశాక నాలుగేళ్ల వరకు గడువు ఉంది. కట్టాల్సిన పన్ను, వడ్డీ మీద అదనంగా, మొదటి ఏడాదిలో వేస్తే 25 శాతం, రెండో ఏడాదిలో 50, ఆ తర్వాత 60, 70 శాతం చొప్పున చెల్లించాలి. నోటీసు వచ్చాక ఈ దారి మూసుకుపోవచ్చు. మీ కొత్త అకౌంటెంట్‌ను కూర్చోబెట్టి, ఒక్కో ఏడాది ఖర్చుల్లోంచి ఇంటి పద్దులు బయటికి తీయించండి. ఏ ఏడాదికి ఎంత పన్ను పడుతుందో ఒక కాగితం మీద వేయించుకుని, పెద్ద మొత్తం ఉన్న ఏడాదితో మొదలుపెట్టండి.